ముట్లుడుగు దశ, హార్మోన్ చికిత్స: డాక్టరు చీటీని తెలుగులో విప్పి చెప్పడం

ముట్లుడుగు దశ అంటే అండాశయాల్లో అండాలు దాదాపు అయిపోయి, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ బాగా తగ్గిపోయి, నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగినట్టు లెక్క. భారతీయ స్త్రీలకు ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. ఆ వయసులో ఆస్పత్రి నుంచి ఇంగ్లీషు చీటీతో ఇంటికి వచ్చిన తల్లికో అత్తకో దాన్ని చదివి చెప్పే పని సాధారణంగా కూతురిదో కోడలిదో అవుతుంది. ఆ చదవడంలో ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఒక ఊహాత్మక చీటీ ద్వారా ఇక్కడ చూద్దాం.

చీటీ 49 ఏళ్ల స్త్రీది. అందులో ఇలా ఉంది: ఎల్.ఎం.పి. 14 నెలల క్రితం, వి.ఎం.ఎస్. ప్లస్, జి.ఎస్.ఎం. ప్లస్, ఎస్/పి ట్యూబెక్టమీ, ఎస్ట్రడయోల్ వాలరేట్ 1 మి.గ్రా. ఓ.డి.; మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ 100 మి.గ్రా. హెచ్.ఎస్.; ఎస్ట్రియోల్ క్రీమ్ పి.వి.; 3 నెలలకు రివ్యూ.

ఎల్.ఎం.పి. అంటే చివరి ముట్టు మొదలైన రోజు. 14 నెలలు దాటాయి కాబట్టి ఈమెకు ముట్లు ఆగిపోయినట్టే. 45 దాటిన స్త్రీకి ఇది తేల్చడానికి మామూలుగా రక్తపరీక్ష అక్కర్లేదు, తేదీ చాలు.

వి.ఎం.ఎస్. అంటే ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రిపూట చెమటలు పట్టడం. శరీర వేడిని అదుపులో ఉంచే భాగం మెదడులో ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గాక ఆ భాగం చిన్నపాటి వేడిని కూడా ఓర్చుకోదు. ఒళ్లు కాగిపోతోందన్నట్టు రక్తాన్ని చర్మంలోకి తోస్తుంది, చెమట పట్టిస్తుంది. మెడ, ముఖం కొన్ని నిమిషాలు సెగలు కక్కి, ఆ తర్వాత చలి వేస్తుంది. అమెరికాలో జరిగిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి 7 ఏళ్లు దాటి కొనసాగాయి. "నాలుగు రోజులు ఓర్చుకో, అదే పోతుంది" అని చెప్పడం అందుకే సరికాదు.

జి.ఎస్.ఎం. గురించి ఇంట్లో మాట్లాడటానికి బిడియపడతారు, కానీ చెప్పి తీరాలి. ఈస్ట్రోజెన్ లేక యోని, మూత్రనాళం లోపలి పొర పలచబడి ఎండిపోతుంది. దాంతో మంట, దురద, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం మొదలవుతాయి. మన ఇళ్లలో దీన్ని "వేడి చేసింది" అనుకుని సబ్జా నీళ్లూ బార్లీ జావా తాగిస్తారు. నీళ్లు తాగడం మంచిదే, కానీ పలచబడిన పొర దానితో మందం కాదు. ఆవిర్లు ఏళ్లకైనా తగ్గుతాయేమో గానీ, ఈ ఎండిపోవడం మందు వాడకపోతే సాధారణంగా తగ్గదు. అయితే మూత్రంలో రక్తం పడినా, మంటతోపాటు జ్వరం వచ్చినా మూత్రపరీక్ష చేయించాలి.

చీటీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఎస్/పి అన్న రెండక్షరాల తర్వాతి మాట. ఎస్/పి అంటే ఇదివరకు జరిగిన ఆపరేషన్. తెలుగు పల్లెల్లో "నాకు ఆపరేషన్ అయింది" అన్న ఒక్క మాట రెండు వేర్వేరు సంగతులకు వాడతారు. ఒకటి, ఇక పిల్లలు వద్దనుకుని గొట్టాలు కట్టించుకోవడం. చీటీలోని ట్యూబెక్టమీ ఇదే. రెండోది, గర్భసంచి తీసేయడం. దీన్ని హిస్టరెక్టమీ అనో టి.ఎ.హెచ్. అనో రాస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ రెండో ఆపరేషన్ దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించే రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. కాబట్టి చీటీ చదివేవారు సూటిగా అడగాలి: "అత్తయ్యా, అప్పుడు గర్భసంచి తీసేశారా, గొట్టాలు మాత్రమే కట్టారా? ఆపరేషన్ తర్వాత మళ్లీ ముట్టు వచ్చిందా?" వచ్చిందంటే గర్భసంచి ఉన్నట్టే.

ఎన్ని మందులు వాడాలో తేల్చేది ఈ జవాబే. ఆవిర్లను తగ్గించేది, ఎముకలను కాపాడేది ఈస్ట్రోజెన్. చీటీలో ఎస్ట్రడయోల్ అన్నది అదే. అది గర్భసంచి లోపలి పొరను కూడా పెంచుతుంది. నెలనెలా ముట్టు వచ్చే రోజుల్లో పెరిగిన పొర రాలిపోతుంది, ఇప్పుడు రాలదు. 1960లలో అమెరికాలో లక్షలాది స్త్రీలు ఈస్ట్రోజెన్ ఒక్కదాన్నే వాడారు. 1975లో అలాంటివారిలో గర్భసంచి పొర క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పరిశోధనలు వెలువడ్డాయి. అప్పటి నుంచి గర్భసంచి ఉన్నవారికి, పొర పెరగకుండా పట్టి ఉంచే ప్రొజెస్టిరాన్ జతచేస్తున్నారు. మన చీటీలో రెండో మాత్ర అందుకే ఉంది. గర్భసంచి లేనివారికి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

పొరపాటు తరచుగా ఇక్కడే జరుగుతుంది. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ప్రొజెస్టిరాన్ మత్తు తెస్తుంది కాబట్టి రాత్రికి రాస్తారు. దాన్ని ఉదయం వేసుకుంటే పనిలో తూగు వస్తుంది. "ఈ మాత్ర పడటం లేదు" అని ఆమె దాన్ని మానేసి, ఆవిర్లు తగ్గిస్తున్న మొదటి మాత్రను మాత్రం కొనసాగిస్తుంది. ఒంటికి హాయిగానే ఉంటుంది, లోపల పొర మందమవుతూ ఉంటుంది. అందుకే ఆమెకు చెప్పాల్సింది ఇదే: ఈ రెండూ జంట మాత్రలు, మానితే రెండూ మానాలి, ఒకటి ఉంచి ఒకటి తీయకూడదు.

పి.వి. అంటే యోని లోపల పెట్టుకోవాల్సిన మందు. చాలామంది క్రీమును పైపైన రాసి గుణం లేదంటారు. సాధారణంగా మొదటి 2 వారాలు రోజూ రాత్రి, ఆపైన వారానికి 2 సార్లు పెట్టుకుంటారు. ఈ కొద్ది మోతాదు రక్తంలోకి చేరేది బహు తక్కువ కాబట్టి, క్రీము ఒక్కటే వాడేవారికి ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు.

"హార్మోన్ మాత్రలు క్యాన్సర్ తెస్తాయట" అని పక్కింటివారు చెప్పే మాటకు మూలం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన డబ్ల్యూ.హెచ్.ఐ. పరిశోధన. జంట మందు వాడినవారిలో ఏడాదికి 10,000 మందిలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వాడనివారిలో 30 మందికి వచ్చింది. రక్తం గడ్డలు, పక్షవాతం కూడా పెరిగాయి. ఆ భయం కల్పన కాదు, కానీ అక్కడి స్త్రీల సగటు వయసు 63, వాడిన మందులు కూడా ఈ చీటీలోవి కావు. నేటి వైద్యులు 60 ఏళ్లలోపు, ముట్లు ఆగి 10 ఏళ్లు దాటని, ఆవిర్లతో బాధపడే ఆరోగ్యవంతులకు లాభమే ఎక్కువని భావిస్తారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో గడ్డలు, చురుగ్గా ఉన్న కాలేయ జబ్బు వంటి చరిత్ర ఉన్నవారికి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారికి సాధారణంగా ఈ మాత్రలు ఇవ్వరు. వీటిలో ఏదైనా ఆమె డాక్టరుకు చెప్పి ఉండకపోతే మాత్ర మొదలుపెట్టక ముందే చెప్పాలి.

మొదటి 3 నుంచి 6 నెలల్లో కొద్దిగా ఎరుపు కనబడటం మామూలే. ఎక్కువగా పోయినా, 6 నెలల తర్వాత కూడా పోతున్నా, పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా స్కాను తప్పదు. ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

గర్భసంచి తీయించుకున్నవారి పాత కాగితంలో బి.ఎస్.ఓ. అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. 35, 40 ఏళ్లకే అలా జరిగితే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పోయి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అడ్డుకారణం లేనివారికి మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వమంటారు. ఆ కాగితం పోయి, ఏ ఆపరేషన్ జరిగిందో ఆమెకే తెలియకపోతే, గర్భసంచి ఉందో లేదో పొత్తికడుపు స్కానులో కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది.