ఔట్‌పెయింటింగ్

ఔట్‌పెయింటింగ్ అనగా ఒక ఛాయాచిత్రపు అంచులకు వెలుపల ఖాళీ స్థలాన్ని చేర్చి, ఆ స్థలంలో చిత్రానికి కొనసాగింపుగా కనిపించే దృశ్యాన్ని కంప్యూటరు చేత గీయించే ప్రక్రియ. దీనిని తెలుగులో చిత్ర విస్తరణ అనవచ్చును. చిత్రం లోపలి భాగాన్ని చెరిపి తిరిగి నింపే ఇన్‌పెయింటింగ్ ప్రక్రియకు ఇది తోబుట్టువు వంటిది. రెండింటి వెనుక ఉన్న సాంకేతికత ఒక్కటే. పాత ఫోటోలను వెడల్పాటి తెరలకు, పుస్తకాల అట్టలకు సరిపెట్టడానికి దీనిని విరివిగా వాడుతున్నారు. సికింద్రాబాద్ వంటి పాత నగరాల చిత్రాల విషయంలో దీనితో ఒక చిక్కు ఉన్నది. చేర్చిన భాగం ఆ నగరపు దృశ్యం కాదు, ఆ నగరంలో ఉండి ఉండవచ్చునని యంత్రం ఊహించిన దృశ్యం మాత్రమే.

చరిత్ర

ఫోటోషాప్‌లో 2010లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ అనే సౌకర్యం చిత్రంలోనే ఉన్న ముక్కలను తెచ్చి ఖాళీలో అతికించేది. ఆకాశం, ఇసుక, గడ్డి వంటివాటికి అది చాలినా, సగం తెగిన భవనాన్ని పూర్తి చేయలేకపోయేది. కోట్లాది చిత్రాలతో శిక్షణ పొందిన డిఫ్యూజన్ నమూనాలు వచ్చాక చిత్రంలో లేని వస్తువులను కూడా గీయించడం సాధ్యమైనది. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 ఆగస్టులో డాల్-ఇ లో ఈ సౌకర్యాన్ని ఔట్‌పెయింటింగ్ అనే పేరుతో ప్రవేశపెట్టినది. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన ముత్యపు పోగు అమ్మాయి చిత్రాన్ని ఆమె చుట్టూ ఇల్లంతా కనిపించేలా విస్తరించి చూపిన ఉదాహరణ అప్పట్లో ప్రసిద్ధి పొందినది. అడోబీ సంస్థ 2023 మేలో ఫోటోషాప్ ప్రయోగ కూర్పులో Generative Fill ను, అదే ఏడాది జూలైలో Generative Expand ను చేర్చినది.

పనిచేసే విధానం

డిఫ్యూజన్ నమూనా చిత్రాన్ని ఒక మూల నుండి మరొక మూలకు గీసుకుంటూ పోదు. ఖాళీ స్థలాన్ని ముందు అస్తవ్యస్తమైన చుక్కలతో నింపి, అనేక దఫాలుగా ఆ చుక్కలను తొలగిస్తూ పోతుంది. ప్రతి దఫాలోను అసలు ఫోటో భాగాన్ని, ఎక్కడ గీయాలో తెలిపే మాస్కును చూసుకుంటుంది. అందువలన అసలు చిత్రంలోని వెలుతురు దిశ, నేల వాలు, గోడల గీతలు కొత్త భాగంలోకి సాగుతాయి. తనకు కనిపించే పరిధిలో అసలు చిత్రం ఎంత ఎక్కువగా ఉంటే ఊహ అంత పొందికగా ఉంటుంది. ఒకేసారి చాలా వెడల్పు పెంచితే అంచుకు దూరమైన కొలదీ దృశ్యం తన దారిన తాను పోతుంది.

నమూనాకు ఆ ప్రదేశం తెలియదు. ఇటువంటి అంచు పక్కన సాధారణంగా ఏమి ఉంటుందో మాత్రమే దానికి తెలుసు. కింద చెప్పబోయే పొరపాట్లన్నిటికీ మూలం ఇదే.

ఉదాహరణ: దీన్ దయాళ్ కాలపు ఛాయాచిత్రం

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) 1880 దశకంలో సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకల నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించినది. ఆ కాలపు పెద్ద కెమెరాలలో 12 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు గల పలకలు వాడుకలో ఉండేవి. నేటి టీవీ తెర నిష్పత్తి 16:9. కాబట్టి అటువంటి పలక నుండి వచ్చిన చిత్రం తెరపై రెండు వైపులా ఖాళీ వదులుతుంది.

పలకను అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 3600 × 3000 పిక్సెళ్ళు వస్తాయి. ఎత్తు మార్చకుండా 16:9 చేయాలంటే వెడల్పు 5333 కావాలి. అనగా 1733 పిక్సెళ్ళు, ఒక్కొక్క వైపు సుమారు 867 చొప్పున చేర్చవలెను. తెరపై కనిపించే చిత్రంలో ఇది 32.5 శాతం. చూసేవారి ముందు ఉన్నదానిలో దాదాపు మూడవ వంతు దీన్ దయాళ్ కాలపు కెమెరా ఎన్నడూ చూడనిదే.

పనిలో మొదటి మెట్టు, పలక అంచున ఉన్న నల్లటి గీతను, చెదిరిన రసాయన మరకలను కత్తిరించడం. దీనిని మరచిపోతే నమూనా ఆ గీతను ద్వారబంధంగానో గోడగానో భావించి, దాని వెలుపల వేరొక దృశ్యం గీస్తుంది. తరువాత క్రాప్ పనిముట్టుతో అంచులను బయటికి లాగి, నింపే పద్ధతిగా Generative Expand ను ఎంచుకొని, వివరణ గడిని ఖాళీగా వదలి Generate నొక్కవలెను. మూడు రూపాలు వస్తాయి. ఇవి వేరే పొరపై ఉంటాయి కనుక అసలు చిత్రం చెడదు. వివరణ గడిలో ఏదైనా వ్రాస్తే నమూనా కొనసాగింపును వదలి, వ్రాసిన వస్తువును తెచ్చి పెట్టే అవకాశం ఎక్కువ.

తొలి కూర్పులలో నమూనా ఒకసారికి దాదాపు 1024 పిక్సెళ్ళ మేరకే గీసేది. 3000 పిక్సెళ్ళ ఎత్తున్న పట్టీని ఒకేసారి అడిగితే దానిని సుమారు మూడింతలు సాగదీసినట్లయి, కొత్త భాగం మసకగా కనిపించేది. పట్టీని ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలోను అసలు చిత్రం కొంత కలిసేలా ఎంచుకోవడం దీనికి విరుగుడు. గాజు పలక చిత్రంలోని సన్నని రేణువులు కొత్త భాగంలో ఉండవు గనుక వాటిని కూడా విడిగా చేర్చవలసి ఉంటుంది. రేణువులు చేర్చితే అతుకు కనిపించదు. అయితే అతుకు కనిపించకపోవడమే తరువాతి చిక్కుకు కారణం.

పొరపాట్లు, గుర్తించుట

కమానుల వరుసలో పొరపాటు త్వరగా బయటపడుతుంది. కొత్త కమానుల మధ్య దూరం క్రమంగా మారుతుంది, లేదా స్తంభం నేలను తాకే చోటు తప్పుతుంది. బోర్డులపై తెలుగు, ఉర్దూ అక్షరాల వంటి గీతలు వస్తాయి గానీ అవి చదవడానికి కుదరవు. నీడలు కొన్నిసార్లు రెండు దిక్కులకు పడతాయి.

గుర్తించడం కష్టమైనది మనుషుల విషయంలోనే. బృంద చిత్రంలో అంచున సగం తెగిన వ్యక్తికి నమూనా కొత్త భుజాన్ని, తలపాగాను, ఒక్కొక్కప్పుడు పూర్తి ముఖాన్ని ఇస్తుంది. దర్బారులో పన్నెండుగురు నిలబడిన చోట పదమూడవవాడు పుట్టుకొస్తాడు. అతడు ఎవరో వెతికేవారికి ఎప్పటికీ జవాబు దొరకదు.

భవనాల సంగతి నేడు నిలిచి ఉన్నవాటితో పోల్చి తేల్చుకోవచ్చును. కూలిపోయినవాటికి ఆ వీలు లేదు. సికింద్రాబాద్ రైల్వే స్టేషను పాత ప్రధాన భవనాన్ని పునరభివృద్ధిలో భాగంగా 2025లో తొలగించారు. దాని ముఖభాగం సగమే పడిన ఫోటోను విస్తరిస్తే, మిగతా సగాన్ని సరిచూడడానికి ఇతర పాత ఫోటోలే శరణ్యం.

అసలు భాగం మారలేదని నిర్ధారించుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. విస్తరించిన చిత్రంపై అసలు స్కానును సరిగ్గా అమర్చి, పై పొర కలయికను Difference గా మార్చవలెను. రెండూ ఒకటే అయితే ఆ ప్రాంతమంతా నల్లగా కనిపిస్తుంది. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి సాధనాలు చిత్రాన్నంతటినీ ఒకసారి కుదించి తిరిగి విప్పుతాయి కనుక, మాస్కు వెలుపల కూడా చిన్న తేడాలు మెరుస్తాయి. ముఖాలలోని కళ్ళు, బోర్డులపై చిన్న అక్షరాలు ముందుగా దెబ్బతినేవి ఇక్కడే. అటువంటప్పుడు అసలు స్కానును పైన తిరిగి అతికించవలెను.

సూచించే పద్ధతి

అడోబీ సాధనాలు ఫైలులో కంటెంట్ క్రెడెన్షియల్స్ అనే సమాచారాన్ని చేర్చగలవు. కానీ తెరను ఫోటో తీసినా, వాట్సాప్ వంటివాటి ద్వారా పంపినా అది సాధారణంగా నిలవదు. చిత్రం కిందనే, ఎడమ కుడి వైపుల ఎంత మేర కృత్రిమమో వ్రాయడం ఇంతకంటె నమ్మకమైన పద్ధతి. విస్తరించని స్కానును కూడా అదే చోట అందుబాటులో ఉంచవలెను. కేవలం తెర నింపడమే అవసరమైతే అదే చిత్రాన్ని మసకబరచి రెండు వైపులా పరచే పాత టీవీ పద్ధతి చాలును. అందులో కొత్త కమాను గానీ, కొత్త మనిషి గానీ పుట్టడు.