పస్కా బలి – రెండు విధులు, ఒక గ్రంథం: బబులోను చెర అనంతర సంకలన రీతిపై పరిశీలన

1. ఉపోద్ఘాతం:

హెబ్రీ ధర్మశాస్త్రమైన తోరాలో పస్కా బలిని గూర్చి పరస్పరం పొసగని రెండు విధులున్నాయి. నిర్గమకాండం 12వ అధ్యాయం మాంసాన్ని నిప్పుమీద కాల్చి తినాలనీ, నీళ్లలో ఉడికించరాదనీ శాసిస్తుంది. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం అదే మాంసాన్ని వండుమని చెబుతూ ‘బాషల్’ అనే ధాతువును వాడుతుంది. నిర్గమకాండం నిషేధించినది ఆ ధాతువు చెప్పే క్రియనే. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం ద్వితీయోపదేశకాండంలోనూ ‘కాల్చు’ అనే అర్థాన్నే ఇచ్చినందున, అనువాదం చదివేవారికి ఈ వైరుధ్యం కనిపించదు. సంకలనకర్తలు ఈ రెండింటిలో ఒకదానిని ఎందుకు తొలగించలేదన్న ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆలయ విధి – గృహ విధి:

ద్వితీయోపదేశకాండంలోని విధికి కేంద్రం ఆలయం. బలి దేవుడు ఎన్నుకొన్న ఒకే స్థలంలో జరగాలి; గొర్రెలనైనా పశువులనైనా అర్పించవచ్చు. ఈ భావనను పండితులు సాధారణంగా క్రీ.పూ. 622 నాటి యోషీయా రాజు సంస్కరణతో ముడిపెడతారు. నిర్గమకాండ విధికి కేంద్రం ఇల్లు. కుటుంబానికొక గొర్రెపిల్లనో మేకపిల్లనో పదవ దినాన ఎంచి, పద్నాలుగవ దినం సాయంకాలం వధించి, దాని రక్తాన్ని ద్వారబంధానికి పూయాలి. ఇందులో బలిపీఠం లేదు, యాజకుడు లేడు.

క్రీ.పూ. 597లో యెహోయాకీను రాజుతోపాటు యూదా ప్రముఖులను నెబుకద్నెజరు బబులోనుకు తరలించాడు. సుమారు క్రీ.పూ. 586లో యెరూషలేము ఆలయం దగ్ధమైంది. అటుపై ఆలయ విధి ఆచరణకు వీలులేనిదైంది. గృహ విధికి మాత్రం ఆలయంతో పనిలేదు. రక్తం పూసే ఆచారం చెరకంటె ప్రాచీనమై ఉండవచ్చు. దానిని విధిగా క్రమబద్ధం చేసి రాసినవారు మాత్రం యాజకవర్గీయులని అధికసంఖ్యాక విమర్శకుల అభిప్రాయం.

3. పంచాంగంలో బబులోను ముద్ర:

ఆ రచనాకాలాన్ని సూచించే ఆధారం అదే అధ్యాయపు రెండవ వచనంలో ఉంది. పస్కా వచ్చే వసంతమాసమే సంవత్సరానికి మొదటి మాసమని అది ప్రకటిస్తుంది. నిర్గమకాండం 23వ అధ్యాయంలోని పాత పండుగల పట్టికలో శరదృతువు నాటి పంటకూర్పు పండుగ సంవత్సరాంతంలో వస్తుంది. ద్వితీయోపదేశకాండం ఈ మాసాన్ని ‘ఆబీబు’ అనే పాత పేరుతోనే పిలుస్తుంది, తిథిని పేర్కొనదు. బబులోనులో సంవత్సరం వసంతంలో నిసన్ను మాసంతో ఆరంభమవుతుంది. యాజక విధి మాసాలను సంఖ్యలతో లెక్కించడం, తిథులను కచ్చితంగా నిర్ణయించడం ఈ పంచాంగ పరిచయాన్ని సూచిస్తాయి. నెహెమ్యా గ్రంథంలో ‘నీసాను’ అనే బబులోను పేరే నేరుగా కనిపిస్తుంది.

4. తిరిగివచ్చిన వారి పస్కా:

క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును జయించిన తరువాత చెరలోనివారు కొందరు తిరిగివచ్చారు. క్రీ.పూ. 515లో ఆలయ పునర్నిర్మాణం పూర్తయింది. ఆ వెంటనే జరిగిన పస్కాను ఎజ్రా గ్రంథం 6వ అధ్యాయం వర్ణిస్తుంది. అక్కడ తిథి మొదటి మాసం పద్నాలుగవ దినం, అంటే యాజక విధి చెప్పినది. స్థలం యెరూషలేము, అంటే ద్వితీయోపదేశకాండం కోరినది. శుద్ధి చేసుకొన్న యాజకులు, లేవీయులు బలి కార్యాన్ని నిర్వహించారు. ఇంటి పండుగ యాజకుల ఆధ్వర్యంలో తిరిగి ఆలయానికి చేరింది. రెండు విధులూ ఒకే ఆచరణలో కలిసిపోయినందున దేనినీ వదలుకొనే అవసరం లేకపోయింది.

5. దినవృత్తాంతకారుని సమన్వయం:

వంట విషయంలో వైరుధ్యం మాత్రం మిగిలింది. సాధారణంగా క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందినదిగా భావించే దినవృత్తాంతముల రెండవ గ్రంథం 35వ అధ్యాయం యోషీయా పస్కాను వర్ణిస్తూ, విధి ప్రకారం పస్కాను ‘నిప్పుతో బాషల్ చేశారు’ అన్న అర్థమిచ్చే వింత వాక్యాన్ని వాడుతుంది. ఒక విధినుంచి క్రియను, మరొక విధినుంచి నిప్పును తీసుకొని రెంటినీ జతచేసింది. ‘బాషల్’కు ‘వండు’ అనే విస్తృతార్థం ఉన్నందున ఇది సాధ్యమైంది. ఆ విస్తృతార్థాన్నిబట్టి అసలు వైరుధ్యమే లేదనేవారూ ఉన్నారు. అయితే వైరుధ్యం లేకపోతే ఇటువంటి అతుకు వాక్యం అవసరమయ్యేది కాదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ రచయిత సమన్వయాన్ని తన గ్రంథంలో చేశాడేగాని తోరాలోని విధులను దిద్దలేదు. అప్పటికి ఆ రెండు పాఠాలూ దిద్దరానంత ప్రామాణ్యం పొందాయని దీనివల్ల తెలుస్తుంది.

6. ముగింపు:

యాజక విధులన్నీ చెరకాలపు సృష్టి అనడం అతివాదం. యెహెజ్కేల్ కౌఫ్‌మన్ వంటి పండితులు వాటిని చెరకు పూర్వమే ఉంచారు. పారసీక ప్రభుత్వ ఆమోదమే తోరాను స్థిరపరచిందన్న వాదమూ వివాదాస్పదమే. పస్కా విధుల పరిశీలనవల్ల తేలేది ఇంతకంటె పరిమితమైనదైనా దృఢమైనది: చెర గృహ విధికి, దాని పంచాంగానికి ప్రాముఖ్యాన్నిచ్చింది; పునరాగమనం దానిని ఆలయ విధి పక్కన నిలిపింది. సంకలనకర్తలు పొంతనకంటె పరిరక్షణకు ప్రాధాన్యమిచ్చి, పొంతన కుదిర్చే భారాన్ని వ్యాఖ్యాతలకు విడిచిపెట్టారు.