డేపార్టింగ్

ఇది రేడియో వ్యాపారం నుంచి వచ్చిన మాట. అమెరికాలో రేడియో స్టేషన్లు రోజును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో రేటుతో ప్రకటనలు అమ్మేవి. ఆ ముక్క పేరు ‘డేపార్ట్’. జనం కార్లలో ఆఫీసులకు వెళ్లే ‘మార్నింగ్ డ్రైవ్’ వేళకు గిరాకీ ఎక్కువ. గూగుల్ యాడ్స్‌లో ఇదే పని చేసే చోటు Ad schedule.

రేడియోకు వినేవాళ్లు ఎందరన్నదే లెక్క. చిన్న షాపుకు ఫోనెత్తే మనిషి ఉన్నాడా అన్నది అసలు లెక్క. ఒక ఏసీ రిపేరు షాపు అనుకుందాం. ఫోన్ల దగ్గర ఒక్కరే, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. నెల రిపోర్టులో ఉదయం 60 క్లిక్కులకు 9 బుకింగులు, రాత్రి 60 క్లిక్కులకు 2. రాత్రి ప్రకటన ఆపేద్దామనిపిస్తుంది. తొందరొద్దు. రాత్రి వచ్చిన ఫోన్లు ఎవరూ ఎత్తక పోయాయేమో, మిస్డ్ కాల్స్ చూడాలి. అలాగైతే ఫోన్ నంబరు కనిపించే వేళను మాత్రం 9–6కి కుదించి, రాత్రి ప్రకటనను ఫారం ఉన్న పేజీకి పంపి చూడొచ్చు.

ఇంకో మెలిక ఉంది. మామూలు Conversions కాలమ్ బుకింగును క్లిక్ చేసిన గంటకే రాస్తుంది. రాత్రి 10కి క్లిక్ చేసి మర్నాడు ఫారం నింపినా, అది రాత్రి ఖాతాలోకే.

వారానికి 168 గంటలు. నెలకు 40 బుకింగులొచ్చే షాపు గంటగంటకూ కోతలు పెడితే అది జాతకం చూడటమే. పనిదినాల పగలు, పనిదినాల రాత్రి, ఆదివారం పగలు, ఆదివారం రాత్రి: ఈ నాలుగు ముక్కలు చాలు.