ఒక గిన్నె పాస్తాలో ఎన్ని క్యాలరీలు? లెక్క ఎండు బరువుతోనే మొదలు

కర్నూలులో మా ఇంట్లో ఆదివారం సాయంత్రం పిల్లల కోసం మాకరోనీ వండటం మామూలే. అమ్మీకి షుగర్ ఉంది, మాత్రలు వాడుతుంది. రాత్రి భోజనం 400 క్యాలరీల దగ్గర ఉండాలని డైటీషియన్ చెప్పారు. మేము ప్యాకెట్ తిప్పి చూశాం. 100 గ్రాములకు 350 అని ఉంది. అయితే 115 గ్రాములు పెడితే 400 అయిపోతుంది కదా అనుకున్నాం. ఉడికిన మాకరోనీ, సాస్, చీజ్ అంతా కలిపి కాటా మీద 115 గ్రాములు తూచి అమ్మీకి పెట్టాం. ఆ రాత్రి పదకొండు గంటలకు ఆమెకు చెమటలు పట్టి చేతులు వణికాయి. మిషన్‌లో చూస్తే షుగర్ 64. వెంటనే చక్కెర నీళ్లు తాగిస్తే కుదుటపడింది.

మరుసటి రోజు ఫోన్ చేస్తే డైటీషియన్ అడిగింది ఒక్కటే మాట: "మీరు తూచింది ఎండుదా, ఉడికిందా?" అక్కడే మా తప్పు బయటపడింది. మేము అమ్మీకి పెట్టింది 400 కాదు, సుమారు 170 క్యాలరీలే. ఆ లెక్క ఎలా వేయాలో ఇప్పుడు వివరంగా చూద్దాం.

ప్యాకెట్ మీద ఉన్న అంకె దేనికి?

పాస్తా, మాకరోనీ, సేమియా, హక్కా నూడుల్స్ అన్నీ గోధుమ పిండితో చేసి ఆరబెట్టినవే. ప్యాకెట్ వెనుక రాసిన క్యాలరీలు సాధారణంగా ఆ ఎండు సరుకుకే, అంటే మనం కొట్లో కొన్నప్పుడు ఉన్న రూపానికే. చాలా పాస్తా ప్యాకెట్ల మీద ఇది 100 గ్రాములకు 345 నుంచి 360 మధ్య ఉంటుంది. ఈ అంకె నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. పిండి పదార్థం, ప్రొటీన్ గ్రాముకు 4 క్యాలరీలు ఇస్తాయి, కొవ్వు గ్రాముకు 9 ఇస్తుంది. లేబుల్ మీద పిండి పదార్థం 73, ప్రొటీన్ 12, కొవ్వు 1.5 గ్రాములు ఉంటే 292, 48, 13 కలిపి 353 వస్తుంది.

ఇక ఉడికించినప్పుడు ఏమవుతుంది? మాకరోనీ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. 100 గ్రాములది 220 నుంచి 250 గ్రాములు అవుతుంది. ఆ పెరిగిన బరువంతా నీళ్లే, నీళ్లకు క్యాలరీలు లేవు. కాబట్టి ఎండుగా ఉన్నప్పుడు 350 ఉన్నది ఉడికాక కూడా 350 దగ్గరే ఉంటుంది. కాకపోతే అది 230 గ్రాములలో పరుచుకుని ఉంటుంది. అంటే ఉడికిన మాకరోనీ 100 గ్రాములకు సుమారు 150 నుంచి 155 మాత్రమే. గంజి వార్చినప్పుడు కొంచెం పిండి నీళ్లతో పోతుంది, కానీ ఇంటి లెక్కకు దాన్ని వదిలేయొచ్చు. సోనా మసూరి బియ్యం, అన్నం విషయంలో కూడా జరిగేది ఇదే.

ఇంటర్నెట్‌లో వెతికితే పాస్తాకు ఒక చోట 155 అనీ, మరో చోట 350 అనీ కనపడటానికి కారణం ఇదే. రెండూ నిజమే. ఒకటి ఉడికినదానికి, ఇంకొకటి ఎండుదానికి. వాటిని కలగలిపేస్తే లెక్క ఎంత చెడిపోతుందో చూడండి. 75 గ్రాముల ఎండు పాస్తాకు అసలు విలువ 262 క్యాలరీలు. దాన్ని ఉడికిన అంకెతో గుణిస్తే 116 వస్తుంది. అదే పాస్తా ఉడికాక 172 గ్రాములు తూగితే, ఎండు అంకెతో గుణించినవాళ్లకు 602 వస్తుంది. గిన్నె ఒకటే, లెక్కలు మూడు.

ఉడికినదాన్ని తూచి లెక్క వేయొచ్చు కదా అంటే, అది నమ్మకంగా ఉండదు. కొంచెం పలుకుగా దించితే రెండింతలే అవుతుంది. మన ఇళ్లలో లాగా మెత్తగా ఉడికిస్తే రెండున్నర రెట్లు అవుతుంది. వండి అరగంట ఉంచితే సాస్‌లోని తడి కూడా పీల్చేస్తుంది. ఎండు బరువు మాత్రం మారదు. అందుకే తూకం కుండలో వేయక ముందే జరగాలి.

కుండ లెక్క: నలుగురికి రెడ్ సాస్ మాకరోనీ

నేను బీకాం చదివినప్పుడు కాస్టింగ్‌లో నేర్చుకున్న పద్ధతే ఇక్కడ పనికొచ్చింది. లోపలికి వెళ్లిన సరుకంతా ముందు రాసుకోవాలి, చివర్లో తయారైన మాలు తూచి భాగించాలి. మా ఇంట్లో రెండో ఆదివారం వేసిన లెక్క ఇది:

ఎండు మాకరోనీ 250 గ్రాములు: 875
నూనె రెండు టేబుల్ స్పూన్లు, 27 గ్రాములు: 243
ఉల్లిపాయలు 150 గ్రాములు: 60
టమోటాలు 400 గ్రాములు: 80
టమోటా కెచప్ 45 గ్రాములు: 60
చీజ్ క్యూబులు నాలుగు, 100 గ్రాములు: 310
మొత్తం: 1,628 క్యాలరీలు

అల్లం వెల్లుల్లి, మిరప్పొడి, ఉప్పు రాయలేదు. అంత తక్కువ వాటితో లెక్క మారదు. మాకరోనీ ఉడికే నీళ్లలో కొందరు ఒక చెంచా నూనె వేస్తారు. అది పైన తేలి, వార్చేటప్పుడు చాలావరకు సింకులోకి పోతుంది.

వంట అయ్యాక మొత్తం 1,100 గ్రాములు తూగింది. ఇది తెలియాలంటే ఖాళీ గిన్నెను ముందే తూచి పెట్టుకోవాలి, చివర్లో ఆ బరువు తీసేయాలి. 1,628ని 1,100తో భాగిస్తే గ్రాముకు 1.48 వస్తుంది, అంటే 100 గ్రాములకు 148. ఇక్కడి నుంచి పని సులువు. అమ్మీకి 270 గ్రాములు పెడితే 400. తమ్ముడు పెద్ద గిన్నెలో 400 గ్రాములు తింటే 592. మొదటి వారం మేము పెట్టిన 115 గ్రాములకు 170. డైటీషియన్ చెప్పింది అక్షరాలా అదే.

నాలుగు సమాన గిన్నెలు చేస్తే ఒక్కోదాంట్లో 407 ఉంటాయి. అందులో మాకరోనీ వాటా 219, చీజ్ వాటా 78, నూనె వాటా 61, మిగతాది ఉల్లి, టమోటా, కెచప్. అంటే దాదాపు సగం క్యాలరీలు మాకరోనీవి కావు, దాని మీద పడినవి. చికెన్ కానీ ఖీమా కానీ కలిపితే దాన్ని కూడా పచ్చిగా ఉన్నప్పుడే తూచి పట్టీలో చేర్చాలి. ఎముక లేని కోడి రొమ్ము మాంసం పచ్చిది 100 గ్రాములకు సుమారు 115. ఖీమా మాత్రం కొవ్వును బట్టి చాలా మారుతుంది.

వైట్ సాస్ అయితే?

పిల్లలు ఎక్కువగా అడిగేది వైట్ సాసే. అదే 250 గ్రాముల మాకరోనీకి వెన్న 50 గ్రాములు (360), మైదా 30 గ్రాములు (105), ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు (435), చీజ్ 100 గ్రాములు (310) వేస్తే మొత్తం 2,085 అవుతుంది. నాలుగో వంతు గిన్నెకు 521. ఎండు మాకరోనీ ఒక్క గ్రాము కూడా పెరగలేదు, అయినా గిన్నెకు 114 పెరిగాయి.

తగ్గించాలంటే ఎక్కడ కోయాలో పట్టీ చూస్తేనే తెలుస్తుంది. ఫుల్ క్రీమ్ పాలకు బదులు టోన్డ్ పాలు పోస్తే కుండ మొత్తంలో 145 తగ్గుతుంది. వెన్న 50 నుంచి 30 గ్రాములకు దించితే మరో 144 తగ్గుతుంది. రెండూ కలిపి గిన్నెకు 72. దానికి ఎదురుగా, చివర్లో 100 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్ పోస్తే గిన్నెకు 60 దాకా తిరిగి చేరుతుంది. చీజ్ తురిమి పైన చల్లేటప్పుడు కంటి అంచనాకు దొరకదు. క్యూబు అయితే 25 గ్రాములు, స్లైస్ అయితే 20 గ్రాములు ఉంటుంది, ప్యాకెట్ మీద చూసుకుని సంఖ్యలో వేసుకుంటే మేలు.

నూడుల్స్‌లో ఒక చిక్కు

నూడుల్స్ అన్నీ ఒకటి కాదు. రెండు నిమిషాల నూడుల్స్ బిళ్ల చాలావరకు తయారీలోనే పామాయిల్‌లో వేయించి ఆరినది. అందుకే దాని కొవ్వు 100 గ్రాములకు 15 దగ్గర ఉంటుంది, క్యాలరీలు 430 దాటొచ్చు. 70 గ్రాముల ప్యాకెట్ ఒక్కటే సుమారు 300. మొదటి నీళ్లు పారబోసినా లోపలికి ఇంకిన నూనె చాలావరకు అందులోనే ఉంటుంది. హక్కా నూడుల్స్ సాధారణంగా వేయించనివి, కొవ్వు ఒకటి రెండు గ్రాములే ఉంటుంది. ఏది ఏదో తెలుసుకోవడానికి ప్యాకెట్ మీద కొవ్వు వరుస చూస్తే చాలు.

అలాగని హక్కా నూడుల్స్ గిన్నె తేలికని కాదు. 75 గ్రాముల ఎండు నూడుల్స్ 262. వాటిని పెద్ద మంట మీద ఒక టేబుల్ స్పూన్ నూనెతో వేయిస్తే మరో 120. బండి మీద తినేటప్పుడు నూనె ఎంత పడిందో మనకు కనపడదు కాబట్టి ఆ గిన్నెకు కచ్చితమైన లెక్క అడగొద్దు.

కాటా లేకపోతే

ఇంట్లో కాటా లేనివాళ్లు కిరాణా కొట్టు కాటానే వాడుకోవచ్చు. లూజు మాకరోనీ, సేమియా 250 గ్రాములే తూయించి తెచ్చి మొత్తం వండేయండి. ప్యాకెట్ అయితే 500 గ్రాములది సరిగ్గా సగం వండండి. తర్వాత ఎన్ని సమాన గిన్నెలు చేశారో దాంతో భాగిస్తే సరిపోతుంది. రంజాన్‌కు సేమియా వండేటప్పుడు కూడా పద్ధతి ఇదే. ఎండు సేమియా 100 గ్రాములకు సుమారు 350 రాసుకుని, చక్కెర గ్రాముకు 4, నెయ్యి గ్రాముకు 9, పాలు, జీడిపప్పు, ఖర్జూరం విడివిడిగా చేర్చుకోవాలి.

లేబుల్‌లో ఒక వరుస "పర్ సర్వ్" అని ఉంటుంది. ఆ సర్వ్ ఎన్ని గ్రాములో తప్పకుండా చూడండి. అది ప్యాకెట్ మొత్తం కాకపోవచ్చు.

ఈ లెక్కలో పదికి ఒక వంతు తేడా ఎలాగూ ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం క్యాలరీలతో పాటు పిండి పదార్థం కూడా ముఖ్యం. పైన చెప్పిన గిన్నెలో ఉన్న 62 గ్రాముల ఎండు మాకరోనీ నుంచి సుమారు 45 గ్రాముల పిండి పదార్థం వస్తుంది. అది కూడా ఎండు బరువు మీదే లెక్క. మాత్రలు, ఇన్సులిన్ ఎంతన్నది డాక్టరే చెప్పాలి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు కుండ పట్టీ రాసిన కాగితం చేతిలో ఉంటే చాలు. మా అమ్మీ ఇప్పుడు మాకరోనీ రోజున కాటాను పొయ్యి పక్కనే పెట్టిస్తుంది, నీళ్లు మరగక ముందే.