గిబ్స్ చక్రం (నర్సింగ్ డైరీ)

వార్డులో ఎదురైన ఒక సంఘటనను ఆరు మెట్లుగా విడదీసి రాసుకునే పద్ధతిని గిబ్స్ చక్రం అంటారు. గ్రాహం గిబ్స్ అనే బ్రిటిష్ విద్యావేత్త 1988లో దీనిని రూపొందించారు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగులేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండవచ్చు, మళ్లీ ఎదురైతే ఏం చేయాలి అన్నవే ఆ మెట్లు. చేసిన పనుల లెక్క లాగ్‌బుక్‌లో ఉంటుంది. డైరీ ఆ పనుల్లో ఒక్కదాన్నే తీసుకుని లోతుకు వెళ్తుంది.

పిల్లల వార్డులో మందైనా సెలైనైనా బిడ్డ బరువును బట్టే ఇస్తారు. అందుకే ఇక్కడ అలాంటి వార్డు పోస్టింగ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఇది కల్పితం, ఏ ఆసుపత్రిలోనూ జరిగినది కాదు.

పది కిలోల బిడ్డకు రోజుకు 1000 మిల్లీలీటర్లు, అంటే గంటకు సుమారు 42 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించమన్నారు. మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. పోస్టింగ్‌లో ఉన్న నర్సింగ్ విద్యార్థిని 42 చుక్కలకే సరిచేసింది. తీరా ఆమె తగిలించింది పెద్దవాళ్ల సెట్. అందులో 20 చుక్కలకే ఒక మిల్లీలీటరు. గంటకు 126 మిల్లీలీటర్లు, అంటే మూడింతలు వెళ్తోంది. చుక్క లావుగా పడుతుండడం సీనియర్ సిస్టర్ కొద్ది నిమిషాల్లోనే గమనించి ఆపించింది. అలాగే వదిలేస్తే ఒళ్లు వాచి, ఊపిరి వేగం పెరిగే ప్రమాదం ఉంది.

మొదటి రెండు మెట్లు రాయడం తేలికే. చాలామంది నాలుగో మెట్టు దగ్గర తడబడి, ‘కంగారుపడ్డాను’ అని రెండో మెట్టునే మళ్లీ రాస్తారు. ఇక్కడ కంగారు కారణం కాదు. లెక్క సరైనదే, కానీ అది ఏ సెట్‌కు వర్తిస్తుందో చూడలేదు. రెండు రకాల సెట్లూ ఒకే ట్రేలో ఉండడం మరో కారణం. అది విద్యార్థిని చేతిలో లేని విషయం. తప్పంతా రాసేవారి మీదికే నెట్టుకునేలా చేయడం ఈ పద్ధతికున్న లోపమని నా అభిప్రాయం. వార్డు ఏర్పాటును కూడా నాలుగో మెట్టులో చేర్చాలి.

ఆరో మెట్టులో ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని రాస్తే, ఉన్నారో లేదో తేల్చే దారి లేదు. ‘సెట్ కవరు మీద చుక్కల సంఖ్య చదివి, నిమిషం పాటు చుక్కలు లెక్కపెట్టి, ఇంకొకరికి చూపించి వదులుతాను’ అంటే, తరువాతి డ్యూటీలో చేశారో లేదో తెలిసిపోతుంది.

డైరీలో బిడ్డ పేరు, బెడ్ నంబరు, ఐపీ నంబరు రాయకూడదు. డైరీ రాసినంత మాత్రాన సంఘటనను నివేదించినట్టు కాదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. ఎక్కువగా వెళ్లిన సెలైన్ ఎంతో కేస్‌షీట్‌లో నమోదు కావాలి.