లాచింగ్ సోలెనాయిడ్ వాల్వ్

లాచింగ్ సోలెనాయిడ్ వాల్వ్: బ్యాటరీతో నడిచే తోట టైమర్లలో నీటిని వదలడానికి, ఆపడానికి వాడే విద్యుత్ వాల్వ్.

సాధారణ వాల్వ్‌తో తేడా: తోటల్లో వాడే సాధారణ వాల్వ్ ఎక్కువగా 24 వోల్టుల ఏసీతో పనిచేస్తుంది. కాయిల్‌లో కరెంటు ఉన్నంతసేపూ లోపలి ఇనుప ప్లంజర్ పైకి లేచి ఉంటుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు దాన్ని కిందికి నెట్టి నీటిని ఆపుతుంది. లాచింగ్ వాల్వ్‌లో అదనంగా శాశ్వత అయస్కాంతం ఉంటుంది. సెకనులో చిన్న భాగం పాటు డీసీ కరెంటు ఇస్తే ప్లంజర్ లేచి అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఆపై కరెంటు అక్కర్లేదు. మూయడానికి ప్లస్, మైనస్ తారుమారు చేసి మరోసారి అంతే క్షణం కరెంటు పంపాలి.

బ్యాటరీ లెక్క: 500 మిల్లీ ఆంపియర్ అవర్ల 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక కాయిల్ నిరంతరం పావు ఆంపియర్ లాగితే, లెక్క ప్రకారం రెండు గంటల్లో ఖాళీ అవుతుంది. లాచింగ్ వాల్వ్ గంటసేపు నీళ్లు వదిలినా ఖర్చయ్యేది తెరిచే, మూసే రెండు క్షణాల కరెంటే. అందుకే అదే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

లోపాలు: కరెంటు పోతే సాధారణ వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది, లాచింగ్ వాల్వ్ ఉన్న స్థితిలోనే ఉండిపోతుంది. తెరిచి ఉండగా బ్యాటరీ అయిపోతే నీరు పారుతూనే ఉంటుంది. అందుకే కొన్ని టైమర్లు బ్యాటరీ బలహీనపడితే వాల్వ్‌ను అసలు తెరవవు. ఆపాల్సిన వేళ నీరు మొదలైతే ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయేమో ముందు చూడాలి. ఈ వాల్వ్‌కు 24 వోల్టుల ఏసీ ఇస్తే కాయిల్ పాడవుతుంది.