పేమెంట్ లింకు

పేమెంట్ లింకు అంటే ఫోన్‌లో ఆర్డరు ఇచ్చినవారికి వాట్సాప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో పంపే చెల్లింపు చిరునామా. మిఠాయి దుకాణానికి రూ.1,250 ఆర్డరు వచ్చిందనుకుందాం. రేజర్‌పే వంటి గేట్‌వేలో మొత్తాన్ని పైసల్లో, అంటే 125000గా ఇచ్చి, ఆర్డరు సంఖ్యను `reference_id`లో రాస్తారు. లింకు తెరిచినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. కొనుగోలుదారు పంపే స్క్రీన్‌షాట్ అసలు రుజువే కాదు, దాన్ని మార్చడం తేలిక. చెల్లింపు పూర్తయ్యాక గేట్‌వే దుకాణం సర్వరుకు `payment_link.paid` అనే వెబ్‌హుక్ కబురు పంపుతుంది. సర్వరు ముందు దాని సంతకాన్ని సరిచూసి, ఆర్డరు సంఖ్యా మొత్తమూ కలిస్తేనే ‘చెల్లించారు’ అని గుర్తిస్తుంది. అదే కబురు రెండుసార్లు రావచ్చు. అప్పటికే గుర్తుపెట్టిన ఆర్డరైతే రెండోదాన్ని వదిలేయాలి, లేకుంటే ఒకే మిఠాయి పెట్టె రెండుసార్లు బయల్దేరుతుంది. కబురు రాకపోతే గేట్‌వే డ్యాష్‌బోర్డులో లింకు స్థితి చూస్తారు.